12 కోట్ల లాభం మీద 3 కోట్ల లోటు

ప్రశ్న: “రొయ్యల మేత విభాగం 12 కోట్ల నిర్వహణ లాభం చూపించింది. ఫైనాన్స్ వాళ్లేమో అది విలువను తినేస్తోందంటున్నారు. ఎవరి లెక్క సరైనది?”

విభాగాధిపతి: మా విభాగం పేరు మీద రూపాయి బ్యాంకు అప్పు లేదు మేడం. వడ్డీయే లేనప్పుడు లోటెక్కడిది?

ఫైనాన్స్ అధికారి: అప్పు లేకపోయినా డబ్బుంది కదా సార్. ప్లాంటులో 50 కోట్లు, సరుకు నిల్వలో 25, డీలర్ల బాకీల్లో 40. మనం సోయా, చేపపొడి సరఫరాదారులకు ఇవ్వాల్సిన 15 తీసేస్తే 100 కోట్లు. వాటాదారుల రాబడి, అప్పు వడ్డీ కలిపి కంపెనీకి సగటున 12 శాతం పడుతోంది. అంటే మీ మీద 12 కోట్ల ఛార్జీ. మీ లాభంలో పావు వంతు పన్నుకు పోతే మిగిలేది 9. పన్ను పోగా మిగిలిన లాభంలోంచి ఆ ఛార్జీ తీసేస్తే వచ్చే ఈవీఏ మైనస్ 3 కోట్లు.

విభాగాధిపతి: బాకీలు మా తప్పా? రైతు చేతికి డబ్బొచ్చేది నాలుగు నెలల పంట పట్టాకే. అప్పివ్వకపోతే పక్క కంపెనీ బస్తా దింపుతాడు.

ఫైనాన్స్ అధికారి: పూర్తిగా ఆపమనడం లేదు. బాకీ 20 కోట్లు తగ్గిస్తే ఛార్జీ 2.4 కోట్లు తగ్గుతుంది. దాని వల్ల పోయే అమ్మకాల మీద నిర్వహణ లాభం 3.2 కోట్లు దాటనంత వరకు మనకు మేలే. పన్ను పోతే ఆ 3.2 కూడా 2.4 అవుతుంది. ఏ డీలర్ల దగ్గర బాకీ ఎక్కువ, మార్జిన్ తక్కువో ముందు తీయండి.

విభాగాధిపతి: సరే. మరి మైనస్ అని బోర్డుకు చెబితే మూసేయమంటారు. అదీ మీ లెక్కేనా?

ఫైనాన్స్ అధికారి: కాదు, అక్కడే చాలామంది పొరబడతారు. మూసివేతకు పుస్తకాల్లోని 100 కోట్లు పనికిరావు, అమ్మితే వచ్చేదే లెక్క. పాత యంత్రాలు, మొండి బాకీలు పోగా 60 కోట్లు వస్తాయనుకుందాం. దాని మీద 12 శాతం 7.2 కోట్లు. మీరు 9 సంపాదిస్తున్నారు, కాబట్టి నడపాలి. కొత్త లైన్‌కు మాత్రం ఇప్పటి తీరులో డబ్బివ్వకూడదు.

విభాగాధిపతి: ఇంకొకటి. ప్లాంటు పాతబడేకొద్దీ తరుగుదలతో పుస్తక విలువ తగ్గుతుంది, నేనేం చేయకుండానే ఈవీఏ పెరుగుతుంది. కొత్త యంత్రం పెట్టిన ఏడాదే నా బోనస్ పోతుంది. ఇదేం న్యాయం?

ఫైనాన్స్ అధికారి: ఆ మాట నిజమే సార్. అందుకే ఒక్క ఏడాది అంకె కాకుండా ఏటేటా మార్పు చూడాలి. ఉత్పత్తి మొదలవని పెట్టుబడికి ఛార్జీ వేయకూడదు.

విభాగాధిపతి: 12 శాతం మాత్రం నేనొప్పుకోను.

ఫైనాన్స్ అధికారి: నేనూ ఒప్పుకోను. రొయ్యలకు వైట్‌స్పాట్ వైరస్ రోగం వచ్చిందంటే చెరువులు ఖాళీ, మేత అమ్మకం ఆగిపోతుంది. మీకు 15 శాతం వేయాలి. అప్పుడు ఆ 60 కోట్ల మీదా ఛార్జీ 9 కోట్లు, మీరు సంపాదించే దానికి సరిసమానం.

విభాగాధిపతి: 15 ఎందుకు, 13 ఎందుకు కాదో ముందు చూపించండి.