మా సరుకు ఎవరికి కాదు?

'నాణ్యతను కోరుకునే ప్రతి ఒక్కరి కోసం' అనే వాక్యం చిన్న బ్రాండ్ల ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. నాణ్యత వద్దనేవారు లోకంలో ఎవరూ ఉండరు కనుక ఆ మాట ఎవరినీ ఎంచుకోదు, ఎవరినీ పక్కన పెట్టదు. రాసినవారికి మాత్రం తామొక వర్గాన్ని ఎంచుకున్నామన్న తృప్తి మిగులుతుంది. ఒక బ్రాండ్ నిజంగా ఎవరినైనా వదులుకున్నదా లేదా అని చూడడానికి మా దృష్టిలో ఒక్క పరీక్ష చాలు. వద్దనుకున్నవారిలో నిన్నటిదాకా డబ్బిచ్చి కొన్నవారు కొందరైనా ఉండాలి. అలాంటివారు లేని చోట జరిగింది నినాదం రాసుకోవడమే.

ముగ్గురు మనుషులు నడిపే ఒక బ్యాక్‌ప్యాక్‌ల తయారీ సంస్థను ఊహించుకుందాం. తమ కస్టమర్ల వయసు, ఆదాయం వారి దగ్గర ఇప్పటికే ఉన్నాయి కానీ, వాటివల్ల తెలిసింది తక్కువ. ఒకే వయసు, ఒకే జీతం ఉన్న ఇద్దరు ఒకే సంచిని పూర్తిగా వేర్వేరు పనులకు వాడతారు. అందుకని చివరి 200 ఆర్డర్లు ఇచ్చినవారిని వారు ఒకే ప్రశ్న అడిగారు: 'సంచి అందిన మొదటి వారంలో దాన్ని ఎక్కడికి, ఎలా తీసుకెళ్లారు?' విద్యార్థులు 70 మంది, బస్సులోనో కారులోనో ఆఫీసుకు వెళ్లేవారు 60 మంది, ప్రయాణాలకు వాడినవారు 36 మంది, సైకిల్‌పై పనికి వెళ్లేవారు 34 మంది అని తేలింది. వాపసు వచ్చిన 27 సంచుల్లో ప్రయాణికులవి 13, విద్యార్థులవి 8, ఆఫీసువారివి 5, సైకిల్ తొక్కేవారిది ఒకటి. మరొకరి సిఫారసుతో వచ్చి కొన్నామన్నవారు సైకిల్ వర్గంలో 12 మంది ఉంటే, అంతకు రెట్టింపు పెద్దదైన విద్యార్థుల వర్గంలో ఏడుగురే ఉన్నారు.

సంఖ్య చూసి విద్యార్థులనే ఎంచుకోవాలనిపించడం సహజం. అయితే అదే అంకెను పెద్ద కంపెనీలు కూడా చూస్తాయి, ధర తగ్గించే పోటీలో ముగ్గురి సంస్థ వాటితో నిలవలేదు. అసలు ఆధారం మరోచోట దొరికింది. ఆ సంచికి ఛాతీ మీదుగా బిగించే పట్టీ ఒకటి ఉంది. ముందుకు వంగి తొక్కేటప్పుడు సంచి పక్కకు జారకుండా అది పట్టి ఉంచుతుందని సైకిల్‌వారు మెచ్చుకున్నారు. ఆఫీసువారు అదే పట్టీ చొక్కాను నలిపేస్తోందని, తీసేసే వీలు లేదా అని అడిగారు. ఒకరు మెచ్చినదాన్నే మరొకరు తప్పుపట్టిన ఇలాంటి చోటే విడదీయవలసిన గీత ఉంటుందని మేము భావిస్తున్నాం. ఇద్దరినీ మెప్పించాలని పట్టీని ఊడదీసేలా చేస్తే, కర్ర విరగకుండా పాము చావాలన్నట్టు, ఆఫీసువారికి అది అడ్డంగానే మిగులుతుంది, సైకిల్‌వారికి దాని పట్టు సడలుతుంది. 34 మంది చెప్పినదానిపైనే సంస్థ భవిష్యత్తును నిలపడం కూడా తొందరపాటే కనుక, తర్వాతి 100 ఆర్డర్లలోనూ అదే ప్రశ్న అడిగి, అదే ధోరణి కనిపించాకే నిర్ణయం తీసుకోవడం మంచిది.

నిర్ణయం జరిగిందన్న సంగతి సరుకులో కనిపించాలి. పట్టీ కుట్లతో గట్టిపడుతుంది. వెనుకనుంచి వచ్చే వాహనాల దీపాలకు మెరిసే పట్టె ఒకటి, వానకు కప్పే తొడుగు ఒకటి చేరతాయి. ప్రయాణికుల కోసం ఉంచిన పెద్ద సైజు ఆగిపోతుంది. వివరాల పేజీలో 'కారులో, బస్సులో వెళ్లేవారికి ఈ పట్టీ అనవసరం, వారికి ఇంతకంటే తేలికైన సంచులు బయట దొరుకుతాయి' అన్న వాక్యం చేరుతుంది. అమ్మేవాళ్లకు ఇది రాయడానికి చేయి రాదు. కానీ వాపసులను తగ్గించేదీ, సైకిల్ తొక్కేవారికి 'ఇది నా కోసమే' అనిపించేదీ ఆ వాక్యమే.

గురిపెట్టకపోవడం వేరు, అమ్మకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుని భయపడేవారే ఎక్కువ. ఒక విద్యార్థి తనంతట తాను వచ్చి ఉన్న సంచిని ఉన్నట్టుగా కొంటానంటే కాదనవలసిన పని లేదు. అతని కోసం ప్రకటన ఖర్చు పెట్టకూడదు, అతని కోరికపై డిజైన్ మార్చకూడదు, అంతే. నిజంగా తిరస్కరించవలసినది మరో రకం. ఒక కంపెనీ తన ముద్ర వేసిన 400 సంచులు బహుమతుల కోసం కావాలని, ఛాతీ పట్టీ మాత్రం వద్దని అడిగిందనుకుందాం. డబ్బంతా ఒకేసారి చేతికొస్తుంది. కానీ కుట్టేవారికి ఆరు వారాల పని అందులోకే పోతుంది, వానకాలానికి ముందు రావలసిన తొడుగు వెనకబడుతుంది, ఆ 400 మందిలో సంచిని తనంతట తాను ఎంచుకున్నవారు ఒక్కరూ ఉండరు. చేతిలో నగదు బొత్తిగా లేని నెలలో ఇలాంటి ఆర్డరును ఒప్పుకున్నవారిని మేము తప్పుపట్టం. ఏటా రెండుసార్లు ఒప్పుకుంటున్నవారు మాత్రం తమ వ్యాపారం ఏమిటని మళ్లీ ప్రశ్నించుకోవాలి.

వర్గం మరీ చిన్నదైపోయే ప్రమాదమూ ఉంది, దాన్ని ముందే లెక్క కట్టవచ్చు. ముగ్గురి బతుకుతెరువుకు ఏడాదికి 900 సంచులు అమ్మాలనుకుందాం. మంచి సంచి అయిదేళ్లు మన్నుతుంది, కొన్నవారు మరుసటి ఏడు తిరిగి రారు. అంటే అయిదేళ్లలో 4,500 మంది వేర్వేరు మనుషులు కావాలి. సంచిని చూసిన 20 మందిలో ఒకరు కొంటారనుకుంటే, సంస్థ మాట చేరగలిగిన సైకిల్‌వారు 90,000 మంది ఉండాలి. 30,000 మందే ఉన్నారని తేలితే ఎంపిక తప్పని కాదు. అదే మనుషులు తరచూ మార్చుకునే తొడుగు, పట్టీల వంటివి చేర్చాలి, లేదా పక్కనున్న మరో వర్గాన్ని ముందే గుర్తించి ఉంచుకోవాలి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. మార్కెట్ పరిశోధకుడు ఆండ్రూ ఎరెన్‌బర్గ్, ఆయన దారిలో బైరన్ షార్ప్ చూపినదాని ప్రకారం చిన్న బ్రాండ్లకు కొనేవారూ తక్కువే, వారి విధేయతా కాస్త తక్కువే. బ్రాండ్లు పెరిగేది ప్రధానంగా అరుదుగా కొనే అనేకమంది వల్ల. కనుక ఇరుకైన వర్గమే శాశ్వత ఆశ్రయమని మేమూ అనడం లేదు. అందరికీ వినిపించేంత గొంతు లేనివారు ముందు ఎవరికి వినిపించాలన్నదే ఇక్కడి ప్రశ్న. నిక్ వుడ్‌మన్ 2002లో స్థాపించిన గోప్రో సంస్థ 2004లో మొదట అమ్మినది మణికట్టుకు కట్టుకునే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమెరా. సముద్రపు అలలపై సర్ఫింగ్ చేసేవారు అందుకు గురి. అక్కడినుంచి అది ఇతర సాహస క్రీడలకు పాకింది, ఎందుకంటే చేతులు ఖాళీ లేని మనిషి తనను తాను చిత్రించుకోవాలన్న అవసరం వాటన్నిటిలోనూ ఒకటే. అదే సంస్థ 2016లో డ్రోన్ విడుదల చేసి, ఎగురుతుండగా విద్యుత్తు తెగిపోతున్నదని కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకుని, తిరిగి అమ్మకానికి పెట్టినా 2018లో ఆ వ్యాపారాన్నే వదులుకుంది.

మన సంచుల సంస్థకు కూడా తర్వాతి మెట్టు ఆ పట్టీయే చూపాలి. కొండలెక్కేవారు, బైక్‌పై సరుకు చేరవేసేవారు వంగే పని చేస్తారు, సంచి జారితే ఇబ్బంది పడతారు. ఆఫీసుకు కారులో వెళ్లేవారు సంఖ్యలో ఎంత పెద్దవారైనా, ఆ వరుసలో వారి వంతు ఇంకా రాలేదు.