అల్లుడికి ఉంగరం, అన్నయ్యకు చీటీ బాకీ

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అన్నయ్య మొన్న సంక్రాంతికి పెద్దల్లుడికి 3 గ్రాముల ఉంగరం పెట్టాడు. తరుగుతో కలిపి 40,000 దాటింది. అందుకోసం లక్ష రూపాయల చీటీని 78,000కే పాడుకున్నాడు. ఆ చీటీకి నెలకు 5,000 చొప్పున ఇంకా కడుతూనే ఉన్నాడు. అంతకు ముందు ఏడాది నేను డాలర్లు పంపి మా చెల్లెలి అల్లుడికి ఉంగరం పెట్టించాను. అది చూశాక అన్నయ్యకూ పెట్టక తప్పలేదు. ఈ తిప్పలు నా వల్లే వచ్చాయి.

ఇప్పుడు చిన్నమ్మాయికి పెళ్లయి తొలి పండగ. "పెద్దల్లుడికి పెట్టి చిన్నల్లుడికి పెట్టకపోతే ఎట్టా బాబూ?" అని ఫోన్లో వదిన టెన్షన్. ఆవిడ అడిగింది నిజమే, తొలి ఏడాది పెట్టిందే తర్వాత వచ్చే అల్లుళ్లందరికీ లెక్క అయిపోతుంది.

ఈసారి అన్నయ్య మొత్తం 25,000 అనుకున్నాడు. అమ్మాయికి మంగళగిరి పట్టుచీర 6,000, అల్లుడికి పంచె, ఉత్తరీయం, చొక్కా గుడ్డకు 3,500. వియ్యపురాలి చీరకు, వియ్యంకుడి పంచెల చాపుకు కలిపి 4,000. తాంబూలంలో 5,116. నా లెక్కన డబ్బు అల్లుడి దగ్గర కంటే వియ్యాలవారి జాబితా దగ్గరే జారిపోతుంది. ఆడపడుచు, ఆమె భర్త, మరిది, పెద్దత్తగారు అంటూ అది పెరుగుతూనే ఉంటుంది. అందుకే అత్తమామల దగ్గరే ఆపమన్నాను.

మిగిలినవారికి సారె ఉంది. 5 కిలోల బియ్యం నానబెట్టి, తడిపిండి ఆరకముందే 4 కిలోల బెల్లం పాకంలో కలిపితే వీధంతా పంచడానికి సరిపడా అరిసెలు వస్తాయి. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా దింపితే నూనెలో విచ్చిపోతుంది. సున్నుండలు, జంతికలతో కలిపి 4,000 లోపే. పైగా అమ్మాయి అత్తగారు నలుగురికీ చూపించుకునేది ఈ డబ్బాలనే. ఉంగరం ఎవరి వేలికో ఉండిపోతుంది.

అన్నయ్య నెల ముందే వియ్యంకుడికి ఫోన్ చేశాడు. "బావగారూ, ఈ ఏడు బంగారం పెట్టలేను, బట్టలు, సారెతోనే పిల్లల్ని పిలుచుకుంటాం" అన్నాడు. అటు కాసేపు మౌనం. తర్వాత ఆయన "కనుమకు మాంసం మాత్రం తగ్గించకండి" అన్నారట. అందరూ ఇలాగే అంటారని నేను చెప్పను. కానీ బంగారం పెట్టలేమన్న మాట భోగి నాడు ఇంట్లో కూర్చున్నాక చెబితే అలక, ముందే చెబితే కబురు.

ఇక మనం, అంటే విదేశాల నుంచి డబ్బు పంపేవాళ్లం. అన్న కూతురికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే మన పేరుతో, పెళ్లిరోజుకో పుట్టినరోజుకో ఇద్దాం. పండగ పళ్లెంలో పెడితే అది అన్నయ్య పెట్టినట్టే లెక్క. వచ్చే ఏడాది అంత పెట్టాల్సింది కూడా అన్నయ్యే. ఈ సంక్రాంతికి నేను పంపింది చీటీ వాయిదా. వదినకు తప్ప ఎవరికీ తెలియదు.