బొమ్మ నిండితే కవర్ అయిపోదు

నవల కవర్ల గురించి కొందరు అనే మాట ఇది: “తెలుగు నవలకి కవరంటే బొమ్మే. బొమ్మ నిండుగా ఉంటే టైటిల్ చిన్నదైనా ఫరవాలేదు, సైట్‌లో పక్కన పేరు ఎలాగూ ఉంటుంది. అక్షరాలు కనపడకపోతే బోల్డ్ చేస్తే సరి. రచయిత పేరు మాత్రం టైటిల్ అంత ఉండాలి.”

వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన కవర్ ఫొటోకి పక్కన ఏ పేరూ ఉండదు. అమ్మే సైట్లలో కూడా చాలా తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పడుతుంటాయి. అక్కడ పేరు తెలుగులో కనిపించేది కవర్ మీదే.

బోల్డ్ మాట అన్నవాళ్లు, ఫోన్లో కవర్ కనిపించే చిన్న సైజుకి తెలుగు అక్షరాన్ని కుదించి చూసి ఉండరు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, లోపల సున్నా లాంటి ఖాళీ ఉంటాయి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. గీత లావైతే ముందు మూసుకుపోయేది ఆ ఖాళీలే. అక్షరాల చుట్టూ నీడ కూడా వేస్తే వత్తులు అందులో కలిసిపోతాయి.

కావలసింది లావు కాదు, సైజు. ఈబుక్‌కి ఇచ్చే కవర్ 1600 పిక్సెళ్ల వెడల్పు, 2560 ఎత్తు అనుకుందాం. అది 100 పిక్సెళ్ల వెడల్పుకి కుదిస్తే ప్రతిదీ 16వ వంతు అవుతుంది. టైటిల్ ‘ఉప్పుటేటి గట్టు’. మార్జిన్లు పోగా మిగిలే 1300 పిక్సెళ్లలో ఒకే వరుసగా పెడితే, మాటల మధ్య ఖాళీని కూడా ఒక అక్షరంగా లెక్కేస్తే, ఒక్కో అక్షరానికి 180 పైచిలుకు వస్తుంది, కుదించాక సుమారు 11. అందులో వత్తు ఒక మచ్చలా మిగులుతుంది. ‘ఉప్పుటేటి’ పైన, ‘గట్టు’ కింద పెట్టండి. అక్షరానికి దాదాపు 20 పిక్సెళ్లు దక్కుతాయి. ‘గట్టు’లో గుడి లేదు కాబట్టి పై వరుస వత్తు దిగడానికి చోటుంటుంది. కింది వరుసలో గుడి ఉంటే మాత్రం వత్తు దానికి తగులుతుంది, అప్పుడు వరుసల మధ్య ఎడం పెంచాలి. చదవగలుగుతున్నారో లేదో టైటిల్ ముందే తెలిసినవాళ్లని అడిగి లాభం లేదు, వాళ్లు చదవకుండానే చెప్పేస్తారు. తెలియనివాళ్లకి ఫోన్లో చూపించాలి.

బొమ్మ వద్దని కాదు. ఏరు, పడవ, కొబ్బరిచెట్లు, కొంగలు, ఓ అమ్మాయి మొహం అన్నీ పెడితే చిన్న సైజులో రంగుల ముద్ద మిగులుతుంది. ఒక్క పడవ, దాని చుట్టూ లేత ఆకాశం చాలు. టైటిల్ ముదురు రంగులో ఆ ఆకాశం మీద కూర్చుంటుంది. కవర్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే రంగుల మోసం బయటపడుతుంది. నీలం మీద ఎరుపు టైటిల్ చాలాసార్లు ఒకే బూడిదరంగుగా కనిపిస్తుంది.

రచయిత పేరు విషయంలో ఆ మాట సగమే నిజం. పాఠకులు పేరు చూసి కొనే రచయితైతే పేరే పైన పెద్దగా వేసి, టైటిల్‌ని తగ్గించవచ్చు. మొదటి నవల అయితే టైటిల్‌లో మూడో వంతు సైజులో కింద చాలు. ఫోన్లో అది చదవలేకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. రెండూ సమానంగా పెడితే మాత్రం దేనికీ సరిపడా చోటు మిగలదు. ఏది నవల పేరో, ఏది మనిషి పేరో కూడా కొన్నిసార్లు తేలదు.