సవరణ: గ్యాప్ కాదు, వ్యాలిడేషన్ గీత ఎటు పోతోందో చూడాలి

మోడల్‌కు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు రెండు గీతలు చూస్తాం: ట్రైనింగ్ లాస్ అంటే నేర్చుకున్న డేటా మీద ఎర్రర్, వ్యాలిడేషన్ లాస్ అంటే పక్కన పెట్టిన కొత్త డేటా మీద ఎర్రర్. వాటి గురించి పాత పోస్టులోని ఈ వాక్యాన్ని సవరించాలి: “రెండు గీతల మధ్య గ్యాప్ కనిపించగానే ఓవర్‌ఫిటింగ్ మొదలైనట్టే, ట్రైనింగ్ ఆపేయండి.”

ఓవర్‌ఫిటింగ్ అంటే మోడల్ చూసిన డేటాను బట్టీ పట్టి, కొత్త డేటా మీద తడబడటం. చూసిన డేటా మీద మోడల్‌కు ఎర్రర్ తక్కువ రావడం మామూలే, కాబట్టి గ్యాప్ ఒక్కటే దానికి రుజువు కాదు. ట్రైనింగ్ డేటా మొత్తాన్ని మోడల్ ఒకసారి చూస్తే ఒక ఎపాక్. 10వ ఎపాక్ దగ్గర ట్రైనింగ్ లాస్ 0.40, వ్యాలిడేషన్ లాస్ 0.52 అనుకోండి. 20 దగ్గరికి అవి 0.28, 0.45 అయ్యాయి. గ్యాప్ పెరిగింది, అయినా కొత్త డేటా మీద మోడల్ బాగుపడుతూనే ఉంది. ఇక్కడ ఆపితే నష్టం మనకే. 35 దగ్గర 0.15, 0.51 వస్తే అప్పుడు అనుమానించాలి: ట్రైనింగ్ దిగుతుంటే వ్యాలిడేషన్ పైకి తిరిగింది. ఒక్క ఎపాక్‌లో ఎగిరితే టెన్షన్ వద్దు, వ్యాలిడేషన్ సెట్ చిన్నదైతే గీత ఎలాగూ ఊగుతుంది. వరసగా ఐదారు ఎపాక్‌లు చూసి, వ్యాలిడేషన్ లాస్ అతి తక్కువగా ఉన్నప్పుడు సేవ్ చేసిన వెయిట్లకు వెనక్కి వెళ్లండి.

ఇందులో ఒక మెలిక ఉంది. క్లాసిఫికేషన్‌లో లాస్ పెరుగుతున్నా యాక్యురసీ కదలకపోవచ్చు. ముందే తప్పు చెప్పిన ఫొటోలో సరైన క్లాస్‌కు మోడల్ ఇచ్చే సంభావ్యత 0.1 నుంచి 0.01కి పడితే, దాని క్రాస్ ఎంట్రపీ లాస్ 2.3 నుంచి 4.6కి చేరుతుంది. తప్పుల లెక్క మాత్రం మారదు. లేబుల్ ఒక్కటే కావాలంటే యాక్యురసీ చూసి ఆపొచ్చు. సంభావ్యతలు కూడా వాడుకునేవాళ్లు లాస్‌నే నమ్మాలి.