గొంతు నొప్పి పొట్లంలో షుగర్ మంట

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మొదలైతే గొంతు మండని వాళ్లుండరు. అందుకే అక్కడి కమీషన్ కొట్లో పనిచేసే నాకు తెలిసిన గుమాస్తాకి, మూడు నెలల్లో నాలుగోసారి గొంతు పట్టేసినప్పుడు నెపం ఘాటు మీదకే పోయింది. ఘాటు గొంతును రేపే మాట నిజమే. కానీ పక్క కొట్టు వాళ్లకు వారంలో సర్దుకున్నది ఇతనికి మూడు వారాలు సాగింది. ఘాటు అందరూ పీల్చిందే, షుగర్ మాత్రం ఇతనికి ఎనిమిదేళ్లుగా ఉంది.

గొంతులో క్రిములు చేరితే ముందుగా వచ్చి వాటిని మింగి చంపేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. రక్తంలో చక్కెర బాగా పెరిగితే ఈ కణాలు మందగిస్తాయి, చంపే పనీ సరిగా చెయ్యలేవు. నోరు ఎండిపోయి, ఉన్న కాస్త లాలాజలంలోనూ చక్కెర పెరుగుతుంది. ఫంగస్‌కి అదే మేత.

నా కోపమంతా మందుల షాపు పొట్లం మీద. ప్రతిసారీ ఇతను చీటీ లేకుండా కొన్నది మూడు రకాలు: యాంటీబయాటిక్, జలుబు మాత్ర, చిన్న తెల్ల మాత్ర. ఆ చిన్నది ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. వాపు లాగేస్తుంది కాబట్టి సాయంత్రానికే హాయిగా ఉంటుంది. అదే షుగర్‌నీ ఎగదోస్తుంది. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెంచుతుంది, తెల్లారేసరికి దాని ప్రభావం తగ్గి షుగర్ దిగుతుంది. ఇతను పరగడుపునే చూసుకునేవాడు. 132 రాగానే నిశ్చింత. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి చూస్తే 318! మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. పైగా అది మంచి బ్యాక్టీరియాను చంపి ఫంగస్‌కి చోటిచ్చింది. నాలుగోసారి అంగిట్లో తెల్లటి మచ్చలు కనిపించాయి. ఇతను మాత్రం మళ్లీ అదే పొట్లం తెచ్చుకున్నాడు.

చివరికి ఫిజీషియన్ ఆ పొట్లం మాన్పించి, ఫంగస్‌కి నోట్లో పూసే మందిచ్చి, షుగర్ మందులు మార్చారు. పరగడుపున 80–130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలని చెప్పారు. చక్కెర దిగితే తెల్లకణాలు మళ్లీ పుంజుకుంటాయి. తర్వాత కూడా జలుబు చేసింది, షుగర్ అదుపు వైరస్‌ని ఆపలేదు కదా. కానీ ఐదు రోజుల్లో తగ్గింది.

ఉమ్మి మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, మెడ ఒక పక్క వాచినా గొంతులో చీము పట్టి ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాల్సిందే.

ప్రెడ్నిసొలోన్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా విడి మాత్రలు పేరు లేని కాగితపు కవర్లో చేతికొస్తున్నాయి. తను వేసుకున్నది స్టెరాయిడ్ అని ఆ గుమాస్తాకి నాలుగోసారి దాకా తెలియదు. ఔషధ తనిఖీ అధికారులు బిల్లు పుస్తకాలతో పాటు ఆ కాగితపు కవర్లు కూడా విప్పి చూడాలి.