మూడు ప్రశ్నార్థకాలు పెట్టిన బడి

పోయిన వారం వాన రోజు ఏం జరిగిందో మన పాఠకులకి తెలిసిందే కాబట్టి మళ్ళీ మొత్తం చెప్పం. బడి మధ్యాహ్నమే వదిలేశారు, బస్సులు బయల్దేరిపోయాయి, ఆ సంగతి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు కూడా, అయినా చాలామంది చూసుకోలేదు, చిన్న పిల్లలు స్టాపుల దగ్గర తడుస్తూ నిలబడ్డారు. "మేం మెసేజ్ పెట్టాం కదండీ" అన్నది యాజమాన్యం జవాబు. పెట్టారు, కాదనం. ఒక తండ్రి తన ఫోను తెచ్చి మా పత్రిక డెస్కులో చూపించారు, గ్రూపు మ్యూట్ లో ఉంది. ఎందుకు మ్యూట్ చేశారో కాస్త పైకి జరిపితే కనపడింది.

```
DEAR PARENTS FEE PENDING???
*రేపటిలోగా కట్టనిచో పరీక్షకు అనుమతి లేదు!!!*
```

దీని పైన ఐడీ కార్డు మర్చిపోవద్దని ఇంకోటి, దాని పైన యాన్యువల్ డేకి తెల్ల సాక్సులు కావాలని ఇంకోటి, అన్నీ ఇదే గొంతు. పెద్దక్షరాలు, బోల్డు, ప్రశ్నార్థకాలు గుత్తులు గుత్తులుగా. వాన రోజు మెసేజ్ కూడా అచ్చం ఇలాగే ఉంది, సాక్సులకి వాడిన గొంతే బస్సుకీ వాడారు, ఆ తండ్రి మ్యూట్ తీసి ఉన్నా దాన్ని సాక్సుల మెసేజే అనుకుని దాటేసి ఉండేవారేమో.

మా బాధంతా ఇక్కడే. ఫీజుకి అరిచినవాళ్ళకి ప్రమాదం వచ్చిన రోజున ఇంకేం మిగులుతుంది?

అరవకపోతే ఎవరూ చదవరండీ అని స్కూలువాళ్ళు, ఆఫీసువాళ్ళు, అపార్ట్‌మెంటు సెక్రటరీలు అంటారు, కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళు క్యాప్స్ లాక్ వేసి వదిలేస్తారు, అదీ నిజమే. పెద్దవాళ్ళ సంగతి వదిలేద్దాం, వాళ్ళకి ఫోనులో అక్షరాల సైజు పెంచిపెడితే సరిపోతుంది. మిగతావాళ్ళ వాదన మాత్రం మేం ఒప్పుకోం, ఎందుకంటే చదవకపోవడానికి కారణమే ఆ అరుపు.

అసలు పెద్దక్షరాలు అరుపెందుకయ్యాయి? మా ఆఫీసులో రిటైర్ అయిపోయిన పాత సబ్ ఎడిటర్లని అడిగితే చెబుతారు, తీగల మీద వచ్చిన వార్తల్ని కాగితం మీద కొట్టే టెలిప్రింటర్ మిషన్ లో ఇంగ్లీషు వార్తలన్నీ పెద్దక్షరాల్లోనే వచ్చేవి, ఎవరూ వాటిని అరుపనుకోలేదు. ఆ మిషన్ కోడులో ఒక్కో అక్షరానికి ఐదు బిట్లే, ఒక్కో బిట్టు సున్నా గానీ ఒకటి గానీ, అంటే మొత్తం 32 కలయికలు, అందులో ఇంగ్లీషు అక్షరాలు 26 పోగా అంకెలకి, చుక్కలకే షిఫ్టు మార్చుకోవాల్సి వచ్చేది, ఇక చిన్నక్షరాలకి చోటెక్కడిది. అంతా ఒకే తీరున ఉన్నప్పుడు అదే మామూలు గొంతు. తర్వాత కంప్యూటర్లలో చిన్నక్షరాలు వచ్చాయి, అవే మామూలయ్యాయి, అప్పుడు ఒక మాట ఒక్కటే పెద్దక్షరాల్లో కనపడితే గొంతు లేచినట్టు అనిపించడం మొదలైంది. 1984 నాటికే యూజ్‌నెట్ అనే పాత ఆన్‌లైన్ చర్చావేదికలో రాసుకునేవాళ్ళు పెద్దక్షరాలంటే కేక అనే లెక్క వేసుకున్నారు. అంటే అరుపు అక్షరంలో లేదు, పక్కన ఉన్నవాటికీ దానికీ ఉన్న తేడాలో ఉంది. ఇది పట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది, ఎందుకంటే ప్రతి మెసేజూ పెద్దక్షరాల్లో పెడితే ఆ తేడా పోతుంది, మళ్ళీ టెలిప్రింటర్ రోజులకి వెళ్ళిపోయినట్టే, కాకపోతే ఈసారి చిరాకు అదనం.

అమెరికా జాతీయ వాతావరణ సంస్థ దీన్ని బాగా అర్థం చేసుకుంది. టెలిప్రింటర్ కాలం నుంచీ వాళ్ళ బులెటిన్లన్నీ పెద్దక్షరాలే, 2016 మే 11 నుంచి మామూలు అక్షరాల్లోకి మారడం మొదలుపెట్టారు. పెద్దక్షరాలని పూర్తిగా పారెయ్యలేదు, నిజంగా ముప్పున్న చోట నొక్కి చెప్పడానికి దాచుకున్నారు. దాచుకున్నారు, ఆ మాట చూడండి. మన వాతావరణ శాఖ రంగులు కూడా అంతే కదా, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. చినుకు పడిన ప్రతిసారీ రెడ్ వార్నింగ్ ఇస్తే కోస్తాలో ఏ జాలరి అయినా పడవ ఒడ్డుకి లాగుతాడా? మన బడివాళ్ళు తెల్ల సాక్సులకి రెడ్ వార్నింగ్ ఇచ్చారు.

ఇలా రాస్తే ఉద్యోగాలు కూడా పోయాయి, అదీ చెప్పుకోవాలి. న్యూజిలాండ్ లోని ఆక్లాండ్ లో 2007లో ఒక అకౌంటెంట్ ని ఇలాంటి ఈమెయిల్స్ పంపినందుకే తీసేశారు, పెద్దక్షరాలు, బోల్డు, ఎర్ర రంగు. ఆవిడ ఆ దేశపు ఉద్యోగ వివాదాల అథారిటీకి వెళ్తే 2009లో తొలగింపు అన్యాయమని తేల్చి 17,000 న్యూజిలాండ్ డాలర్లు ఇప్పించారు. అక్కడ సాక్ష్యంగా పెట్టిన ఈమెయిల్ లో ఉన్నది క్లెయిముల చెక్‌లిస్టు పాటించండి అనే మామూలు మాట, తిట్టు కాదు, బెదిరింపు కాదు. పైగా ఈమెయిల్ ఎలా రాయాలో ఆ ఆఫీసులో ఒక పద్ధతి రాసిపెట్టిందే లేదు. ఆవిడ తరఫున తీర్పు రావడం మాకూ సబబుగానే ఉంది, ఉద్యోగం తీసెయ్యడం మరీ ఎక్కువ. కానీ చెక్‌లిస్టు గురించి రాసిన మామూలు వాక్యం కొలీగ్స్ కి గొడవలా వినపడిందంటే దానికి కారణం అందులోని మాటలు కావు, అక్షరాలు.

ఇప్పుడు మన భాష సంగతి. తెలుగులో పెద్దక్షరాలు లేవు, ఆ లోటు తీర్చుకోడానికి అన్నట్టు బోల్డు మీద పడ్డాం, వాట్సాప్ లో అటొక నక్షత్రం ఇటొక నక్షత్రం పెడితే చాలు మాట లావైపోతుంది. తెలుగు అక్షరం గుండ్రం, దాని లోపలి ఖాళీతోనే గుర్తుపడతాం, థకీ ధకీ మధ్య తేడా లోపలి చుక్క, పకీ ఫకీ తేడా కింద చిన్న గీత. బోల్డు చేస్తే ఆ ఖాళీలు మూసుకుపోతాయి, చిన్న ఫోను మీద "రాష్ట్ర" లాంటి మాటలో ఒత్తులు ముద్ద కడతాయి. ఒక్క మాట అయితే పర్లేదు, తేదీయో టైమో అయితే ఇంకా మంచిది, పేరా మొత్తం బోల్డు చేస్తే నొక్కి చెప్పినట్టు కాదు, చదవనివ్వనట్టు.

ఇక ప్రశ్నార్థకం. నిజానికి తెలుగులో ప్రశ్న గుర్తులో లేదు, మాటలోనే ఉంది. "కట్టారా" అన్నాక అది ప్రశ్నేనని చెప్పడానికి ఏ గుర్తూ అక్కర్లేదు, చివరి దీర్ఘం ఆ పని చేసేసింది, ఈ గుర్తు మనకి ఇంగ్లీషు అచ్చుతో వచ్చిన చుట్టం. ఒకటి పెడితే మర్యాద. మూడు పెడితే అడిగే ప్రశ్న అదే, మారేది మొహం. "ఫీజు కట్టారా?" అంటే తెలుసుకోడం, "ఫీజు కట్టారా???" అంటే కట్టలేదని ముందే తేల్చేసి నిలదియ్యడం. కట్టేసినవాళ్ళకి కూడా అదే నిలదీత. ఆ గ్రూపులో సగంమంది కట్టేసి ఉంటారు, వాళ్ళ మీద ఎందుకరిచారు? ఎందుకంటే ఎవరు కట్టలేదో లిస్టు తియ్యాలంటే ఆఫీసులో ఒకరు కూర్చుని రసీదుల పుస్తకం చూడాలి, అది చెయ్యకుండా అందరి మీదా అరిస్తే పనైపోతుంది. మేం చూసిన అరుపుల్లో చాలావాటి వెనక ఇలా ఎవరో ఎగ్గొట్టిన పని ఒకటుంది.

నొక్కి చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని సదుపాయాలు వదిలేసి నక్షత్రాలు ఏరుకోవడం ఏమిటో మాకర్థం కాదు. "రేపు కట్టాలి" మామూలు మాట. "రేపే కట్టాలి" అంటే ఒక్క ఏత్వంతో గడువు బిగిసింది. "కట్టాల్సింది రేపు" అని తిప్పితే చెవి సరిగ్గా రేపు దగ్గరే ఆగుతుంది. "కనీసం సగమైనా రేపు కట్టండి" అంటే దారి కూడా చూపించినట్టు. "కట్టలేదేమో ఒకసారి చూసుకోండి" అంటే మర్చిపోయినవాడికి తల దించుకునే పని లేకుండా గుర్తుచేసినట్టు. ఇంట్లో అమ్మమ్మలు గొంతు పెంచకుండా వణికించేది ఈ సరంజామాతోనే.

మా డెస్కులో ఒకరు ఆ ఫీజు మెసేజ్ ని కూర్చుని తిరగరాశారు, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "రెండో టర్మ్ ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజు రేపే, సాయంత్రం 4 దాకా ఆఫీసు ఉంటుంది. కట్టేసినవాళ్ళు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. రేపటికి కుదరనివాళ్ళు ఒకసారి ఆఫీసుకి ఫోన్ చెయ్యండి, మాట్లాడుకుందాం." ఎవరికి, ఎప్పటిలోగా, కుదరకపోతే ఏం చెయ్యాలి, ఈ మూడూ ఉన్నాయి, పాతదాంట్లో మొదటిది, మూడోది లేనే లేవు. అన్నిటికన్నా ముఖ్యం, ఇది గ్రూపులో కాకుండా కట్టనివాళ్ళకి విడిగా పంపాల్సిన మెసేజ్. ఇలా రాసే అలవాటే ఉండి ఉంటే వాన రోజు ఒక్క లైను, "బస్సులు 12:30కే బయల్దేరాయి, స్టాపు దగ్గరికి ఇప్పుడే రండి" అని బోల్డులో పెట్టినా, పెద్దక్షరాల్లో పెట్టినా మేమే మెచ్చుకునేవాళ్ళం. ఆ రోజు కోసమే కదా దాచుకోవాల్సింది.

మీ వెబ్‌సైట్ లో హెడ్డింగుల మాటేమిటని అడిగేవాళ్ళుంటారు, అడగాలి కూడా. పోయిన నెల ఒక మామూలు ట్రాన్స్‌ఫర్ వార్తకి మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించింది మేమే. తీసేశాం, ఇకముందు ఒకటి దాటితే కాపీ వెనక్కి పంపమని డెస్కుకి చెప్పాం.

కానీ మేం పత్రికవాళ్ళం, మీరు బడివాళ్ళు. వరండాలో "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు పెట్టింది మీరు. నాలుగో తరగతి పిల్లాడు పరీక్ష పేపర్లో వాక్యం చివర మూడు ప్రశ్నార్థకాలు పెడితే ఎర్ర పెన్నుతో రెండు కొట్టేసి ఒక్కోదానికి అర మార్కు కోసేది మీ టీచరమ్మే. వాన మీద నాలుగు రోజులు గొడవ జరిగాక నిన్న మీరు పంపిన వివరణ కూడా మా దగ్గరుంది, "మెసేజ్ చూసుకునే బాధ్యత తల్లిదండ్రులది కాదా????" అని ముగించారు, ఈసారి నాలుగు పెట్టారు. మీ లెక్క ప్రకారమే మార్కున్నర కొయ్యాలి, ప్రిన్సిపాల్ గారూ.