వాచీ ఒరిజినలే, మరి డయల్?

పాత వాచీ కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఒరిజినలేనా?" అని. అమ్మేవాడు అవునంటాడు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు, ఎందుకంటే లోపల తిరుగుతున్న యంత్రం నిజంగానే సీకోదో హెచ్ఎంటీదో అయి ఉంటుంది. కానీ పైన మెరుస్తున్న డయల్‌కి ఈమధ్యే రంగేశారు, ముళ్లు ఇంకెక్కడో తయారయ్యాయి, వెనక మూత వేరే వాచీది. మన దగ్గర ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్లా రెండు మూడు వేలకు దొరికే పాత వాచీల్లో ఎక్కువ మోసం ఈ రూపంలోనే జరుగుతుంది. విదేశాల్లో పాత వాచీలు సేకరించేవాళ్లు వీటికి 'ముంబై స్పెషల్' అని పేరే పెట్టేశారు. మన దేశం నుంచి వెళ్లే సరుకుకి అలాంటి పేరు రావడం బాధగానే ఉంటుంది, కానీ ఆ పేరు ఊరికే రాలేదు.

నా వాదన ఒక్కటే. పాత వాచీ విషయంలో "ఒరిజినలా, నకిలీయా" అని మొత్తానికి కలిపి అడగడం దండగ. డయల్, ముళ్లు, బయటి లోహపు కేసు, వెనక మూత, లోపలి యంత్రమైన మూవ్‌మెంట్, ఈ ఐదింటి గురించి విడివిడిగా అడగాలి, ఆ తర్వాత అవి ఒకే వాచీకి చెందినవేనా అని చూడాలి.

అసలు ఈ రంగులేసే పని ఎలా మొదలైంది? మన వానలూ ఉక్కపోతా డయల్‌కి శత్రువులు. గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు రింగు ఎండిపోయాక తేమ లోపలికి పోతుంది, డయల్ మీద మచ్చలు పడతాయి, రంగు పొరలుగా లేస్తుంది. అలాంటి వాచీని రిపేరుకు ఇస్తే షాపతను డయల్ గీకించి, మళ్లీ రంగేయించి, పేరు అచ్చు వేయించి ఇచ్చేవాడు. వాచీ సొంతదారుకి ఆ సంగతి తెలుసు, అతను కోరిందే అది. ఇందులో తప్పేమీ లేదు. తర్వాత ఆ వాచీయే, లేదా తుక్కు ధరకు కొన్న మూవ్‌మెంట్లతో కూర్చిన అలాంటి వందల వాచీలు, "అరుదైన ఒరిజినల్" అని ఎవరికో అమ్ముడుపోయినప్పుడు రిపేరు కాస్తా మోసమైంది. తేడా అంతా చెప్పడం, చెప్పకపోవడంలో ఉంది.

ఒక ప్రకటన ఊహించుకుని, దాన్ని ఎలా విప్పి చూడాలో చెబుతాను. సీకో 5, ఆటోమేటిక్, మెరిసే నారింజ రంగు డయల్, "నాన్నగారు గల్ఫ్ నుంచి తెచ్చింది, పూర్తిగా ఒరిజినల్", ధర 3,500. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చుకున్న వస్తువుల్లో సీకో 5 నిజంగానే ఉండేది కాబట్టి ఈ కథ నమ్మేలా ఉంటుంది. కానీ కథతో మనకు పని లేదు, ఫొటోలు కావాలి.

మొదటి ఫొటో వెనక మూతది. అక్కడ రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి నాలుగంకెలు, గీత, మళ్లీ నాలుగంకెలు. మొదటి నాలుగు లోపలి మూవ్‌మెంట్ నంబరు, తర్వాతి నాలుగు కేసు నంబరు. మన ప్రకటనలో మొదటి నాలుగు 7009 అనుకుందాం. రెండోది ఆరంకెల సీరియల్: మొదటిది తయారైన సంవత్సరంలో ఆఖరి అంకె, రెండోది నెల. నెలకు ఒక్క స్థానమే ఉంది కాబట్టి జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, ఆ తర్వాత అక్టోబరుకి O, నవంబరుకి N, డిసెంబరుకి D. అంటే సీరియల్ 5N తో మొదలైతే 5తో ముగిసే ఏదో ఒక ఏడాది నవంబరులో తయారైందని అర్థం. దశాబ్దం ఈ నంబరు చెప్పదు, అది మూవ్‌మెంట్ ఏ కాలంలో తయారైందో చూసి తెలుసుకోవాలి. అంకెలు అరిగిపోయి సగమే కనిపిస్తుంటే కేసుని గట్టిగా పాలిష్ పట్టారన్నమాట. పాలిష్ పట్టిన కేసుకి పదునైన అంచులు మిగలవు, పట్టీ తగిలించే కొమ్ములు గుండ్రంగా, ఒకటి సన్నంగా ఒకటి లావుగా కనిపిస్తాయి.

రెండో ఫొటో డయల్ అడుగు భాగం, అంటే 6 దగ్గర, వీలైనంత దగ్గరగా. ఒరిజినల్ సీకో డయల్ అంచున కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, మన వాచీకైతే 7009, గీత, ఆ తర్వాత ఇంకో నంబరు. ఇక్కడ చాలామంది పొరబడతారు. డయల్ కోడ్ మొత్తం వెనక మూత నంబరుతో కలవాలనుకుంటారు, కలవకపోతే నకిలీ అని తేల్చేస్తారు. అలా కాదు, మొదటి నాలుగంకెలు కలిస్తే చాలు, గీత తర్వాతది డయల్ సొంత నంబరు, అది కేసు నంబరుకు వేరుగానే ఉంటుంది. మూత మీద 7009 ఉండి డయల్ మీద 6119 ఉంటే మాత్రం రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అర్థం. రంగేసిన డయల్ మీద ఈ కోడ్ సాధారణంగా ఉండనే ఉండదు, ఉన్నా అలుక్కుపోయి చదవడానికి రాదు, ఎందుకంటే చేతి అచ్చుతో అంత చిన్న అక్షరాలు తేవడం కష్టం.

ఆ ఫొటోలోనే మిగతా అచ్చూ చూడండి. వాచీని నేరుగా చూసే వీలుంటే, రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం తీసుకెళ్లండి, అది ఎక్కువ ఖరీదేమీ కాదు. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరం అంచు కోసినట్టుంటుంది. రంగేసినదాంట్లో సిరా పక్కకు పాకినట్టు, ఒకే పదంలో ఒక అక్షరం లావుగా ఒకటి సన్నంగా ఉంటుంది. నిమిషాల గీతలు, గంటల దగ్గర అతికించిన లోహపు గుర్తులు ఒకే వరుసలో ఉండవు. తేదీ కనిపించే కిటికీ అంచుల్లో రంగు ముద్దకట్టి ఉంటుంది. నిమిషాల ముల్లు నిమిషాల గీతల దాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోతే అది వేరే వాచీ ముల్లు. ఇక మన ప్రకటనలోని మెరిసే నారింజ రంగు సంగతి. అదే కోడ్ ఉన్న డయల్ పాత సీకో కేటలాగుల్లో, సేకర్తలు పెట్టిన ఫొటోల్లో ఏ రంగుల్లో ఉందో వెతకండి, ఎక్కడా ఆ రంగు లేకపోతే దాన్ని అరుదైనదిగా కాదు, రంగేసినదిగా లెక్కగట్టండి.

మూడో ఫొటో మూత తీసి లోపలిది. మూవ్‌మెంట్ మీద 7009 అని, పక్కన అక్షరంతో, చెక్కి ఉండాలి. దూరం నుంచి చేయించగల ఒక చిన్న పరీక్ష కూడా ఉంది: 7009కి చేత్తో కీ ఇవ్వడం కుదరదు, టైము మార్చడానికి పక్కనుండే బుడిపె, అంటే క్రౌన్, పూర్తిగా లాగినా సెకన్ల ముల్లు ఆగదు. వీడియోలో సెకన్ల ముల్లు ఆగిపోతే లోపల ఉన్నది ఆ యంత్రం కాదు. ఈ మూడు ఫొటోలు పంపడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను. మూత తీయడం రాదంటే ఏ రిపేరు షాపులోనైనా కాసేపట్లో తీసి ఇస్తారు.

అన్నీ చూశాక డయల్ మళ్లీ రంగేసినదని తేలితే వాచీ వద్దనుకోవాలా? అక్కర్లేదు. రోజూ పెట్టుకోవడానికి, టైము సరిగ్గా చూపించే మంచి మూవ్‌మెంట్ ఉంటే అది కొనదగ్గదే. అయితే ఆ ధర వేరు. ఒరిజినల్ డయల్ ధర దానికి పెట్టకూడదు.

హెచ్ఎంటీ విషయంలో ఇంకో రకం మాట వినిపిస్తుంది. 1961లో జపాన్ సిటిజన్ సాంకేతిక సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల తయారీ తగ్గుతూ వచ్చి, చివరికి 2016లో హెచ్ఎంటీ వాచెస్ సంస్థ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి జనతా, పైలట్ లాంటివాటికి గిరాకీ పెరిగింది, దానితోపాటే "పాత స్టాక్, అసలు వాడనిది" అనే ప్రకటనలూ పెరిగాయి. వాడనిదా కాదా అన్నది మూత లోపలి వైపు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రిపేరు చేసినవాళ్లు గుర్తు కోసం అక్కడ సూదితో తేదీనో పొడి అక్షరాలో గీస్తారు. అలాంటి గీతలున్నా, మూవ్‌మెంట్ స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నా ఆ యంత్రాన్ని ఎవరో ఇప్పటికే విప్పారు. కేసు మాత్రం కొత్తగా మెరుస్తుంటే, పాత యంత్రాన్ని కొత్త కేసులో కూర్చారని అనుమానించాలి.

షూస్, బ్యాగుల మార్కెట్లో జనం ఈ తలనొప్పంతా సర్టిఫికెట్‌కి అప్పజెప్పేస్తున్నారు, వాచీల్లోనూ అదే అలవాటు వస్తోంది. అమెరికాలో స్నీకర్ల రీసేల్‌కి పేరున్న స్టాక్‌ఎక్స్ మీద నైకీ 2022లో కేసు వేసింది, 2025లో కోర్టు 37 జతల నకిలీ షూస్ అమ్మినందుకు ఆ సంస్థను బాధ్యురాలిగా తేల్చింది. ప్రతి జతనూ తనిఖీ చేసి పంపుతామని చెప్పే చోట జరిగింది ఇది. కార్డు, బాక్సు, బిల్లు కూడా విడిగా అమ్ముడయ్యే వస్తువులే కాబట్టి, వాటి మీద సీరియల్ ఉంటే వాచీ మీదున్నదానితో అంకె అంకె పోల్చండి, లేకపోతే వాటికి అదనంగా డబ్బు పెట్టకండి.

ఇక అమ్మేవాళ్ల సంగతి. తాతగారి వాచీ అమ్మకానికి పెట్టే మామూలు మనిషి కూడా తెలియకుండానే చిక్కుల్లో పడొచ్చు. ప్రకటనలో "ఒరిజినల్" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా "మూవ్‌మెంట్ సీకో 7009, డయల్ మళ్లీ రంగేసింది, ముళ్లు ఎక్కడివో తెలియదు, గ్లాసు మార్చాం" అని రాయండి. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి, అది షాపువాళ్లకే కాదు, ఇంట్లో వాచీ అమ్ముకునేవాళ్లకూ వర్తిస్తుంది. దొంగ బ్రాండ్ గుర్తు ఉన్న సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అయితే తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, అనుమానించడానికి కారణమేదీ కనిపించలేదని, అధికారులు అడిగితే సరుకు ఎవరి దగ్గర కొన్నదీ చెప్పానని నిరూపించుకోగలిగిన అమ్మకందారుకి ఆ చట్టంలోనే రక్షణ ఉంది. అందుకే ఎవరి దగ్గర కొన్నారో ఆ చాట్, డబ్బు పంపిన రుజువు, అప్పటి ఫొటోలు దాచుకోండి.

అమ్మేవాళ్లకు రెండో భయం, వాపసు పేరుతో వేరే వాచీ రావడం. కొన్నవాడు మంచి డయల్ తీసేసి రంగేసిన డయల్ బిగించి "నాకు నచ్చలేదు" అని తిప్పి పంపితే బయటి నుంచి చూసి నిరూపించడం కష్టం. పార్సిల్ చేసే ముందు మూత తీసి మూవ్‌మెంట్, మూత లోపలి గీతలు, డయల్ అడుగున ఉన్న కోడ్, డయల్ మీద ఉన్న ప్రతి చిన్న మచ్చ, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీసి, ఆ వీడియోలోనే పెట్టెకు టేపు వేయండి. ఆ వీడియో కాపీని పార్సిల్ బయల్దేరకముందే కొన్నవాళ్లకు పంపేస్తే, తిరిగొచ్చిన వాచీలో మచ్చలు మారాయా లేదా అన్నది ఇద్దరూ ఒకే ఆధారంతో చూసుకోవచ్చు.